పండగ ముందు రెండుసార్లు పడిన జీతం

ఈ సంగతి గురించి నేను ఒక పెద్దమనిషికి ఉత్తరాలు రాశాను, మెయిళ్లు పెట్టాను, సెలవుకు హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఫోన్ చేశాను. ఉత్తరాలకూ మెయిళ్లకూ జవాబు లేదు. ఫోన్‌లో మాత్రం ఒక నవ్వు వినిపించేది. “అరే, మీరింకా దాన్ని పట్టుకునే ఉన్నారా?” అనేవారు. ఆ తరువాత మోకాళ్ల నొప్పుల గురించి, మనవరాలి చదువు గురించి మాట్లాడి పెట్టేసేవారు. అవును, పట్టుకునే ఉన్నాను. నేను అడిగింది చిన్న ప్రశ్న. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న వినబడనట్టే ఉన్నారు. అందుకని ఈసారి నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

సౌదీలోని హుఫూఫ్‌లో మా కంపెనీ ఆఫీసు పాత బజారుకు దగ్గర్లో ఉండేది. భవనాల నిర్వహణ, విద్యుత్ పనులు, శుభ్రత కాంట్రాక్టులు మా పని. సైట్లలో వందల మంది కార్మికులుండేవాళ్లు. లెక్కల విభాగంలో కంప్యూటర్లూ ప్రోగ్రాములూ చూసుకోవడం నా ఉద్యోగం. నా బల్ల ప్రింటర్ పక్కన ఉండేది. కిటికీ పక్కన ఖాళీ బల్ల ఉన్నా నాకు ఇవ్వలేదు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తీయడానికి మనిషి దగ్గరుండాలన్నారు. ఆ మాట అన్నదెవరో కూడా గుర్తుంది, కానీ ఇప్పుడు నేను చెప్పేది దాని గురించి కాదు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు ఖర్జూరం వాసన తగులుతుంది. కోతల కాలంలో తోటల నుంచి పెట్టెలు నేరుగా ఆఫీసుకు వచ్చేవి. గురువారం శుక్రవారం సెలవు. బుధవారం మధ్యాహ్నం నుంచే అందరి మొహాల్లో వెలుగు. మా విల్లాలో ఆరుగురు తెలుగువాళ్లం. మా కృష్ణా జిల్లా చింతకాయ పచ్చడికీ జగిత్యాల తమ్ముడి సర్వపిండికీ ప్రతి శుక్రవారం పోటీ. ఆ ఊళ్లో దొరికే ఎర్ర బియ్యంతో ఒకసారి పులిహోర చేశాం. ముద్ద కట్టి గోడకు కొడితే అతుక్కునేలా తయారైంది. అయినా గిన్నె ఖాళీ అయింది.

జగిత్యాల తమ్ముడంటే మా జీతాల అకౌంటెంటు. నా బల్లకు ఎదురు బల్ల అతనిది. కొత్తగా పెళ్లయింది. భార్య ఊళ్లో ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఆమెను తెచ్చుకోవాలని అతని తపన. ఫ్యామిలీ వీసాకు దరఖాస్తు పెట్టాలంటే కంపెనీ ఉత్తరం కావాలి: హోదా, జీతం, కంపెనీకి అభ్యంతరం లేదన్న మాట, కింద ముద్ర. ఆ ఉత్తరం ఇవ్వాల్సింది మా అడ్మిన్ సార్. ఆయనదీ హైదరాబాదే. యజమాని దగ్గర పలుకుబడి ఉన్న ఒకే ఒక తెలుగు మనిషి. పండగ అయ్యాక ఇస్తానని మాట ఇచ్చారు. తమ్ముడు ఆ మాట మీదే రెండు గదుల ఇల్లు చూసి బయానా కట్టాడు. అక్కడ ఆమె బడికి రాజీనామా ఇచ్చేసింది.

“అన్నా, ఆమెకు ఈడ ఏం తోస్తది?” అని దిగులుపడేవాడు.

“నీ సర్వపిండికి మార్కులు వేస్తుంది లే” అనేవాణ్ని.

“మార్కులేస్తే నేను ఫెయిలే అన్నా. నాకంటే ఆమెనే మంచిగ చేస్తది.”

ఆ ఏడాది రంజాన్ పండగ నెలాఖరు కంటే ముందే వచ్చింది. పండగకు ముందే జీతాలు ఇచ్చేయాలని యజమాని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ప్రతి ఏడాదీ అలాగే ఇచ్చేవారు. తమ్ముడు లెక్క పూర్తి చేసి బ్యాంకు ఫైలు తయారుచేశాడు. ఈ ఫైలు సంగతి కొంచెం చెప్పాలి, తరువాత జరిగినదంతా దీని వల్లే. మొదటి వరుసలో కంపెనీ కోడు, ఫైలు నంబరు, జీతం తేదీ, మొత్తం సొమ్ము ఉంటాయి. కింద ఒక్కొక్కరి ఖాతా నంబరు, వాళ్లకు పడాల్సిన సొమ్ము. తమ్ముడు దాన్ని బ్యాంకు సైటులోకి ఎక్కిస్తాడు. ఫైనాన్స్ మేనేజర్ తన తాళంచెవి గొలుసుకు వేలాడే చిన్న పరికరంలో వచ్చే అంకెలు కొట్టి ఆమోదిస్తాడు. అప్పుడు జీతాలు పడతాయి. ఒకే నంబరుతో ఫైలు రెండోసారి వస్తే బ్యాంకు తిప్పికొడుతుంది. ఆ ఒక్క కాపలా ఉంది.

చిక్కేమిటంటే, దమ్మామ్‌లో కొన్న మా ప్రోగ్రాము ఫైలు నంబరును జీతం తేదీ నుంచి తయారుచేసేది. తేదీని హిజ్రీలో, అంటే ముస్లిం క్యాలెండరులో పెట్టుకోవచ్చు, ఇంగ్లీషు క్యాలెండరులోనూ పెట్టుకోవచ్చు. బ్యాంకు రెండింటినీ ఒప్పుకుంటుంది. అంటే ఒకే జీతం, ఒకే రోజు, క్యాలెండరు మారిస్తే రెండు వేర్వేరు నంబర్లు. ఇది ప్రమాదమని, నంబరు వరుస సంఖ్యగా ఉండాలని నేను అంతకు ముందే రాసిచ్చాను. మీటింగులో చదివారు. “మన ఐటీ ఆయనకు భయాలెక్కువ” అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్ల పేర్లు రాయడం లేదు. వాళ్లకు గుర్తుండి ఉంటుంది.

పండగ జీతం కనుక అలవాటు ప్రకారం తమ్ముడు హిజ్రీ తేదీ పెట్టి ఫైలు ఎక్కించాడు. రంజాన్ వేళలు. మధ్యాహ్నం నమాజు ముందే పని తెమలాలని అందరికీ తొందర. ఫైనాన్స్ మేనేజర్ ఈజిప్టు మనిషి, చెడ్డవాడు కాదు. ఉపవాసంలో సిగరెట్టు లేక ఆ నెలంతా చిటపటలాడుతుండేవాడు. తమ్ముడి కుర్చీ వెనక నిలబడి అంకెలు కొట్టి ఆమోదం నొక్కాడు. తెర మీద గడియారం బొమ్మ తిరగడం మొదలైంది. తిరిగి, తిరిగి, పేజీ తెల్లగా అయిపోయింది. ‘అందింది’ అన్న మాట రాలేదు.

“ఏమైంది?” అన్నాడు.

“లైను తెగినట్టుంది సార్. ఫైలు పోయిందో లేదో తెలుస్త లేదు. బ్యాంకుకు ఫోన్ చేసి అడుగుత.”

ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

“యా అఖీ, వాళ్లు నమాజుకు వెళ్లి ఉంటారు. ఆ తరువాత పండగ సెలవులే. మళ్లీ పంపు.”

“అదే పంపమంటారా సార్?”

“అదే పంపితే మళ్లీ ఆగిపోతుంది. హిజ్రీ తేదీ వల్లే తిరగబడి ఉంటుంది. ఇంగ్లీషు తేదీ పెట్టు.”

తమ్ముడు నా వైపు చూశాడు. నేను లేచాను. “సార్, తేదీ మారిస్తే నంబరు మారుతుంది. మొదటిది చేరి ఉంటే రెండూ పడతాయి. స్టేట్‌మెంట్ చూశాక పంపుదాం” అన్నాను.

“నువ్వు ప్రింటర్ చూసుకో.”

“సార్, నాకు భయమైతుంది. ఒక గంట ఆగుదాం” అన్నాడు తమ్ముడు.

“వందల మంది పండగకు డబ్బు లేకుండా ఉంటే యజమాని నిన్ను అడగడు, నన్ను అడుగుతాడు. పంపు. ఖలాస్!”

తమ్ముడు పంపాడు. మేనేజర్ రెండోసారి అంకెలు కొట్టాడు. ఈసారి ‘అందింది’ అని వచ్చింది. “చూశారా?” అంటూ ఆయన కారు తాళాలు ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మామూలు నెలల్లో అయితే రెండో ఫైలు ఖాతాలో సొమ్ము చాలక ఆగిపోయేది. ఆ వారమే ఒక పెద్ద కాంట్రాక్టు బిల్లు సొమ్ము అదే ఖాతాలో జమయింది. అందుకని అందరికీ రెండు జీతాలు పడ్డాయి.

మరి ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న తరువాత అందరూ అడిగారు. చెప్పడానికి వాళ్లకు అది తప్పని తెలిస్తే కదా. పండగ ముందు జీతానికి జీతం పడింది. యజమాని ఈదీ, అంటే పండగ కానుక, ఇచ్చాడనుకున్నారు. ఏటీఎం దగ్గర ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారట. చాలామంది ఆ సాయంత్రమే డబ్బు ఇంటికి పంపేశారు.

పండగ రోజు యజమాని మజ్లిస్‌కు, అంటే అతిథులను కూర్చోబెట్టే హాలుకు, శుభాకాంక్షలు చెప్పడానికి కంపెనీ వాళ్లు వెళ్లడం ఆనవాయితీ. కాఫీ, ఖర్జూరం, ఊదు పొగ. ప్రతి ఏడాదీ పదీ పదిహేను మంది వెళ్లేవాళ్లు. ఆ ఏడాది మనుషులు గేటు దాకా ఉన్నారు. పెషావరు నుంచి వచ్చిన మా ఎలక్ట్రికల్ ఫోర్‌మన్, నిలువెత్తు మనిషి, అందరికంటే ముందు వెళ్లి యజమాని భుజం మీద ముద్దు పెట్టాడు.

“షేక్, అల్లా ఆప్ కో సలామత్ రఖే! ఇత్నీ బడీ ఈదీ కిసీ నే నహీ దీ!” అన్నాడు. ఇంత పెద్ద పండగ కానుక ఎవరూ ఇవ్వలేదని. అక్కడి డ్రైవరు దాన్ని అరబీలో చెప్పాడు. యజమాని చిరునవ్వు అలాగే ఉంది కానీ కళ్లు మాత్రం మా మేనేజర్ కోసం వెతికాయి. నేను గోడ పక్కన కాఫీ పట్టుకుని ఉన్నాను. పక్కన తమ్ముడు. అతను కప్పు కింద పెట్టేశాడు.

“అన్నా, రెండూ పడ్డయ్” అన్నాడు మెల్లగా.

యజమాని గొప్పతనం ఒకటి చెప్పాలి. ఆ రోజు ఎవరినీ తప్పుబట్టలేదు. వచ్చిన ప్రతి ఒక్కరి దీవెనా తీసుకున్నాడు. సెలవులయ్యాక మాత్రం కబురు పంపాడు: ఎందుకు జరిగింది, ఎలా సరిచేస్తారు, మళ్లీ జరగకుండా ఏం చేస్తారు, రాసి ఇవ్వండి.

రాయమని నాకు చెప్పారు. అప్పుడు మాత్రం ప్రింటర్ మనిషి గుర్తొచ్చాడు.

మేనేజర్ మొదట అనుకున్న మార్గం వచ్చే జీతం మొత్తం ఆపేయడం. తమ్ముడూ నేనూ ఒప్పుకోలేదు. ఒక నెల జీతం సున్నా అయితే మనిషి ఏం తింటాడు? బ్యాంకును అడిగాం. ఖాతాదారు సంతకం లేకుండా వాళ్ల ఖాతాల నుంచి సొమ్ము వెనక్కి తీయలేమన్నారు. అది న్యాయమే. తమ్ముడు సైటు సైటుకూ తిరిగాడు. హిందీలో, వచ్చీరాని బెంగాలీలో, చేతులతో చెప్పాడు. డబ్బు ఇంకా ఖాతాలో ఉన్నవాళ్లు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి ఒకేసారి తిరిగి ఇచ్చారు. ఇంటికి పంపేసిన వాళ్లకు కొద్దికొద్దిగా, కొన్ని నెలల మీద జీతంలోంచి కోసుకునేలా రాయించాడు. ఫోర్‌మన్ చాలాసేపు పత్రాన్ని తిప్పి తిప్పి చూశాడు.

“ఈదీ వాపస్ లేతే హై క్యా, మున్షీ?” అని నవ్వాడు. పండగ కానుక ఎవరైనా వెనక్కి తీసుకుంటారా అని.

“ఈదీ నహీ థా ఖాన్ సాబ్, గల్తీ థా” అన్నాడు తమ్ముడు, అది కానుక కాదు, పొరపాటు అని.

“కిస్కీ గల్తీ?” ఎవరి పొరపాటు అని.

తమ్ముడు పెన్ను మూత తీసి అందించాడు. ఖాన్ సంతకం పెట్టాడు. మిగతావాళ్లు ఆయన్ను చూసి పెట్టారు.

లెక్కల్లో రెండో జమను జీతాల ఖర్చుగా రాయలేదు. ఉద్యోగుల నుంచి రావాల్సిన అడ్వాన్సుగా రాశాం. ప్రతి నెలా కోసినంత మేరకు అది తగ్గుతుంది. జీతం చీటీలో జీతం పూర్తిగా, కోత విడిగా కనబడాలని పట్టుబట్టాం. లేకపోతే జీతమే తగ్గించారనుకుంటారు. సెలవు మీద గానీ, ఉద్యోగం ముగించుకుని ఎగ్జిట్ మీద గానీ వెళ్లేవాళ్ల బాకీ ఫైనల్ లెక్కలోనే చూసుకోవాలన్నాం. కొన్ని నెలల్లో ఆ పద్దు సున్నా అయింది. అది తమ్ముడి కాళ్ల కష్టం.

ఇక యజమాని రాసివ్వమన్న నోటు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఇంకేదీ రాయలేదు. మొదటి భాగంలో కారణం రాశాను. నంబరు తేదీ నుంచి పుట్టడం, మొదటి ఫైలు ఆమోదమైనా జవాబు రాకపోవడం, దాని సంగతి తేలకుండానే రెండోది పంపడం. అక్కడే ఒక పేరా ఉంది. జీతాల అకౌంటెంటు ఆగుదామన్నాడనీ, ఫైనాన్స్ మేనేజర్ ఆదేశం మీదే తేదీ మార్చాడనీ, రెండు ఫైళ్లనూ ఆమోదించింది మేనేజరేననీ రాశాను. ఎవరినీ తిట్టలేదు. జరిగింది జరిగినట్టు రాశాను.

తరువాతి భాగంలో జాగ్రత్తలు. నంబరు జీతపు నెల మీద వరుసగా రావాలి, క్యాలెండరుతో సంబంధం ఉండకూడదు. ఒక నెలకు ఫైలు ఒకసారి తయారయ్యాక ప్రోగ్రాము ఆ నెలకు తాళం వేయాలి. మళ్లీ పంపాల్సి వస్తే అదే ఫైలు, అదే నంబరు పంపాలి. చేరి ఉంటే బ్యాంకే తిప్పికొడుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటో, వాళ్లు రాసిచ్చిన మాటో చేతికొచ్చేదాకా రెండోసారి ఆమోదం నొక్కకూడదు. జీతాలకు వేరే ఖాతా పెట్టి, ఆ నెల జీతాలకు సరిపోయే సొమ్మే అందులో వేయాలి. అప్పుడు రెండో ఫైలు వెళ్లినా ఖాతాలో ఏమీ ఉండదు. ఈ జాగ్రత్తలన్నీ ఒప్పుకున్నారు, అమలు చేశారు. ఆ తరువాత నేనున్నంత కాలం అలాంటిది మళ్లీ జరగలేదు. నా పేరు ఎక్కడా వేయలేదు. అది కూడా వదిలేస్తాను.

నోటు యజమానికి చేరేది అడ్మిన్ సార్ చేతుల మీదుగా. ఆయన దాన్ని అరబీలోకి మార్పించి పంపారు. వారం తిరక్కుండా తమ్ముడికి వార్నింగ్ లెటరు వచ్చింది. కారణం: జీతాల అకౌంటెంటు నిర్లక్ష్యం వల్ల ఫైలు రెండుసార్లు వెళ్లడం.

అరబీ నోటు ప్రతి నేను చూశాను. నాకు అరబీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. భాగాలన్నీ ఉన్నాయి. ఆ పేరా లేదు. దాని చోట ఒక్క వాక్యం ఉంది. లెటరులో ఉన్న వాక్యమే.

వెంటనే అడ్మిన్ సార్ గదికి వెళ్లాను. ఆయన టీ తెప్పించారు. ఎప్పుడూ తెప్పించేవారు కాదు.

“సార్, నేను రాసిన పేరా ఏమైంది?”

“కూర్చోండి బాబూ. ఎందుకంత టెన్షన్ తీసుకుంటారు? ఉత్త కాగితం అది.”

“ఆ కాగితం వల్లే అతని మీద మచ్చ పడింది. వీసా ఉత్తరం పండగయ్యాక ఇస్తానన్నారు.”

“వార్నింగ్ ఉన్నోడికి వెంటనే ఎట్లిస్తారు? రూలు ఉంది కదా. కాస్త చల్లారనివ్వండి. మనోడే కదా, నేను చూసుకుంటా.”

“మేనేజర్ ఆమోదించాడని బ్యాంకులోనే ఉంటుంది సార్. ఒక్క ఫోన్ చేసి అడగండి.”

“మేనేజర్ పోతే కొత్తోడు వస్తాడు, మన తిండి మనల్ని తిననిస్తాడా? మీకు తెలీవు, ఈ సంగతులు. టీ తాగండి.”

తాగలేదు. ఆ పేరా ఎవరు తీశారో చెప్పమన్నాను. ఆయన ఫోన్ ఎత్తి ఎవరితోనో అరబీలో మాట్లాడడం మొదలుపెట్టారు.

నేను యజమాని సెక్రటరీకి అసలు నోటు ప్రతి పంపాను. “చేరింది” అన్నాడు. అంతే. వారం వారం అడిగాను. తరువాత నన్ను చూస్తే నమాజుకు లేచేవాడు.

తమ్ముడు నాలాగా గొడవ చేయలేదు. అది నాకు కోపం తెప్పించింది. “నోరు విప్పు” అన్నాను ఒక శుక్రవారం, పొయ్యి దగ్గర.

“విప్పితే ఏమైతది అన్నా? ఉత్తరం ఇచ్చేది గాయనే. కొట్లాడితే ఇంకెప్పుడిస్తడు? కొన్నొద్దులు సూద్దాం.”

“ఆమెకు చెప్పావా?”

“వీసా లేటయితుందన్న. ఎందుకని అడగలే. గదే నాకు కష్టమైంది.”

వీసా ఉత్తరం రాలేదు. రెండు గదుల ఇంటి బయానా పోయింది. చలికాలం మొదలయ్యేసరికి అతన్ని హఫర్ అల్ బాతిన్ సైటుకు బదిలీ చేశారు. అక్కడ బ్యాచిలర్ క్యాంపు తప్ప ఇంకేమీ లేదు, కుటుంబాలకు అనుమతి లేదు. వెళ్లే ముందు విల్లాలో అతనికి వీడ్కోలు భోజనం పెట్టాం. గోంగూర ఊరి నుంచి వచ్చిన వాళ్ల సూట్‌కేసులో దొరికింది. ఖాన్ కూడా వచ్చాడు, పెద్ద నాన్ రొట్టెలు చంకలో పెట్టుకుని. గోంగూర నోట్లో పెట్టుకుని ముక్కు చిట్లించాడు, మళ్లీ వడ్డించుకున్నాడు. అందరం నవ్వాం. ఆ విల్లాలో అంత నవ్విన రాత్రి ఇంకోటి లేదు. తమ్ముడు లేని శుక్రవారాలు చప్పగా ఉండేవి. చింతకాయ పచ్చడికి పోటీ లేదు.

కాంట్రాక్టు అయ్యాక అతను ఎగ్జిట్ తీసుకుని వెళ్లిపోయాడు. సౌదీలో ఆ ఇద్దరూ కలిసి ఒక్క రోజు కూడా ఉండలేదు. ఇప్పుడు ఊళ్లో బాగానే ఉన్నారు, దేవుడి దయ. ఆమె మళ్లీ బడిలో చేరింది. ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఆమె నాకు సర్వపిండి పెట్టింది. తమ్ముడు చెప్పింది నిజమే, అతని దానికంటే బాగుంది. చేతులు కడుక్కుంటుంటే ఆమె అడిగింది: “అన్నా, ఈయన నిజంగనే తప్పు జేసిండా? నాకు జెప్పడు. మీరన్న జెప్పుండ్రి.”

లేదమ్మా, అతని తప్పు కాదని చెప్పాను. “మరి కాగితంల అట్లెందుకు రాసిండ్రు?” అంది. ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది ఒక్కరి దగ్గరే.

అడ్మిన్ సార్, మీరు తెలుగు చదువుతారు. పొద్దున కాఫీతో పాటు పత్రికలు మొత్తం తిరగేస్తారని మీరే నాతో అన్నారు. మేనేజర్‌ను కాపాడడానికి తీశారా, మీ కుర్చీని కాపాడుకోవడానికి తీశారా, ఎవరైనా తీయమన్నారా, ఏదైనా సరే. నాకు కోర్టు అక్కరలేదు, క్షమాపణ అక్కరలేదు. ఆ అమ్మాయికి చెప్పడానికి ఒక మాట కావాలి. నేను రాసిన పేరా మీరు ఎందుకు తీసేశారు? నవ్వకండి, మనవరాలి గురించి చెప్పకండి. ఈసారి జవాబు చెప్పండి.